హాస్టల్ మిస్టరీలో పాత్రల పేర్లు: మొదటి అక్షరాలు కలవకుండా పెట్టే పద్ధతి

హాస్టల్ నేపథ్యంలో పిల్లల మిస్టరీ రాస్తున్నవాళ్లు అడుగుతున్న ప్రశ్న దాదాపు ఒకటే. "కథ బాగుంది కానీ నాలుగో అధ్యాయానికి వచ్చేసరికి ఎవరు ఎవరో తెలియడం లేదని పిల్లలంటున్నారు. ఏం చేయాలి?" చాలాసార్లు లోపం కథలో ఉండదు, పేర్లలో ఉంటుంది. ఇంటి కథలో అమ్మ, నాన్న, తాతయ్య అని వరసలతో నడిపించవచ్చు. హాస్టల్లో ఆ వీలు లేదు. ఒకే వయసు, ఒకే యూనిఫాం, ఒకే డార్మిటరీ ఉన్న పిల్లలను పాఠకుడు పేరుతోనే గుర్తుపట్టాలి. మిస్టరీలో అయితే ఆ పేర్లను అనుమానితులుగా కూడా మనసులో పెట్టుకోవాలి.

ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పాఠకుల కోసం రాసే కథను దృష్టిలో పెట్టుకుని, పేర్లు పెట్టే క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను. ఉదాహరణకు ఒక చిన్న కథను మొదటి నుంచి చివరి వరకు వెంట తీసుకెళ్తాను.

1. పేర్ల కంటే ముందు మనుషుల జాబితా

మొదట పేర్లు రాయకండి. కథలో ఎవరు ఏం చేస్తారో మాత్రమే రాయండి. పేరు ముందే పెట్టేస్తే దాని మీద మమకారం పెరుగుతుంది, తర్వాత మార్చబుద్ధి కాదు.

మన ఉదాహరణ కథ ఇది. ఊరికి దూరంగా, నవోదయ తరహాలో ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా ఉన్న కల్పిత పాఠశాల. ఒక తెల్లవారుజామున గంట కొట్టే ఇనుప సుత్తి మాయమవుతుంది. గంట మోగదు, ఎవరూ సమయానికి లేవరు. అదే రోజు తనిఖీకి అధికారులు వస్తారు. సాయంత్రానికి సుత్తి నీళ్ల ట్యాంకు వెనక, ఒక తువ్వాలులో చుట్టి దొరుకుతుంది. తువ్వాలు అంచున ఇంకుతో ఒక ఇంగ్లీషు అక్షరం: D.

ఇందులో ఉండేవాళ్లు:

- కూపీ లాగే ఏడో తరగతి అమ్మాయి
- ఆమె స్నేహితురాలు, మాటకారి
- ఆ వారం గంట కొట్టే వంతు వచ్చిన ఏడో తరగతి అబ్బాయి
- జ్వరంతో సిక్ రూమ్‌లో ఉన్న ఆరో తరగతి పాప (గంట ఉన్నది సరిగ్గా ఆ కిటికీ బయటే)
- ఆలస్యంగా లేచి మాటిమాటికీ శిక్ష పడే తొమ్మిదో తరగతి అబ్బాయి
- హిందీ రాష్ట్రం నుంచి కొత్తగా వచ్చిన తొమ్మిదో తరగతి అబ్బాయి
- పదో తరగతి హౌస్ కెప్టెన్, అమ్మాయి
- హౌస్ మాస్టర్
- వంటమనిషి
- ప్రిన్సిపాల్, నర్సు, వాచ్‌మన్

కొత్త అబ్బాయి ఊరికే వచ్చిపడలేదు. నవోదయ విద్యాలయాల్లో తొమ్మిదో తరగతి పిల్లల్లో 30 శాతం మంది ఒక ఏడాది పాటు వేరే భాషా ప్రాంతంలోని నవోదయకు వెళ్లి చదివే పద్ధతి ఉంది. తెలుగు హాస్టల్లోకి హిందీ పేరు సహజంగా వచ్చే దారి అది. కథలో కొత్తవాడి మీద అనుమానం పుట్టడానికీ పనికొస్తుంది.

ఇప్పుడు జాబితాలో ఎవరికి అసలు పేరే అక్కర్లేదో చూడండి. మన పిల్లలు ప్రిన్సిపాల్‌ను పేరుతో పిలవరు. "ప్రిన్సిపాల్ మేడమ్", "నర్సమ్మ", "వాచ్‌మన్ తాత" అంటారు. ఈ ముగ్గురికీ ఆ పిలుపులే పేర్లు. పాఠకుడు మోయాల్సిన పేర్లు పన్నెండు నుంచి తొమ్మిదికి తగ్గాయి. పెద్దవాళ్లలో అనుమానితులకో, కథలో పదేపదే మాట్లాడేవాళ్లకో మాత్రమే సొంత పేరు ఇవ్వండి.

2. అక్షరాల పట్టిక గీయడం

తెలుగులో "వేరే మొదటి అక్షరం" అంటే ఏమిటో ఇక్కడే తేల్చుకోవాలి. అక్షరమాలలో ఉన్నవన్నీ వేర్వేరు అక్షరాలే కదా అని లెక్కేస్తే మోసపోతాం.

గుణింతం మారినంత మాత్రాన అక్షరం మారినట్టు కాదు. రవి, రాజు, రీతు, రూప, రోహిత్: ఇవన్నీ "ర" కిందే వస్తాయి. వేగంగా చదివే పిల్లల కన్ను ముందు హల్లు ఆకారాన్ని పట్టుకుంటుంది, గుడి, కొమ్ము తర్వాత చూస్తుంది. ఒత్తు చేరినా అంతే. పవన్, ప్రణవ్, ప్లవ ఒకే గడిలోవే.

ఒత్తక్షరాలను మామూలు అక్షరాలతో కలిపేయండి. ధ-ద, భ-బ, ఖ-క, ఘ-గ, ఫ-ప జంటలను పిల్లలు పలకడంలోనూ రాయడంలోనూ కలిపేస్తారు. శ, ష, స మూడూ ఒకే గడి. శశి, షర్మిల, సరళ కాగితం మీద వేరుగా కనిపించినా, పుస్తకాన్ని పైకి చదివి వినిపించే టీచరు నోట దగ్గరగా వినిపిస్తాయి. హ్రస్వం, దీర్ఘం కూడా కలపండి: అ-ఆ, ఇ-ఈ, ఉ-ఊ, ఎ-ఏ, ఒ-ఓ. ణ, ళ, ఙ, ఞ లతో పేర్లు మొదలుకావు కాబట్టి వాటి సంగతి వదిలేయండి.

ఇలా కలిపితే మిగిలేవి 24 గళ్లు:

అ, ఇ, ఉ, ఎ, ఐ, ఓ
క, గ, చ, జ, ట, డ
త, ద, న, ప, బ, మ
య, ర, ల, వ, స, హ

ఒక తెల్లకాగితం మీద ఈ నాలుగు వరసలు గీసి బల్ల మీద పెట్టుకోండి. ఒక గడిలో ఒకే పేరు. నియమమంతా ఇంతే.

కంటికి దగ్గరగా కనిపించే అక్షరాల సంగతి ఒకటి మిగిలింది. మ-వ, వ-ప, య-మ చిన్న అచ్చులో ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. అవి వేర్వేరు గళ్లే, కానీ ఎప్పుడూ పక్కపక్కనే కనిపించే ఇద్దరు స్నేహితులకు మధు, వసు అని పెట్టకండి. ఒకరిని వేరే వరసకు తరలించండి.

3. చిక్కుబడిన జాబితాను విడదీయడం

ఆలోచించకుండా చటుక్కున తోచిన పేర్లు పెడితే మన కథలో తొమ్మిది మంది ఇలా తయారవుతారు:

శ్రావణి, శ్రీజ, సాయి, సాన్వి, రమేశ్, రితేశ్, సుమ, రాజేశ్ సర్, రాజమ్మ.

ఒక్కొక్కటి విడిగా చూస్తే మంచి పేరే. పట్టికలో వేసి చూడండి. "స" గడిలో ఐదుగురు, "ర" గడిలో నలుగురు. తొమ్మిది మందీ రెండు గళ్లలోనే ఇరుక్కున్నారు. ఇది అరుదుగా జరిగే పని కాదు. మన పేర్లలో శ్రీ, సాయి, సు చేరినవి లెక్కలేనన్ని. "ర" పేర్లకూ కొదవ లేదు. చెయ్యి తనంతట తాను అటే పోతుంది.

ఈ జాబితాతో రాసిన ఒక వాక్యం చూడండి:

"రమేశ్ చెప్పింది నిజమైతే, రితేశ్ లేచేసరికే రాజేశ్ సర్ గంట దగ్గర ఉన్నారని శ్రావణి శ్రీజతో అంది."

పదేళ్ల పాప ఇక్కడ ఆగిపోతుంది. ఆ వాక్యంలో ఒక ఆధారం ఉంది, అది ఆమెకు అందదు.

విడదీసే క్రమం ముఖ్యం. అందరికంటే ఎక్కువగా కనిపించే పాత్రతో మొదలుపెట్టి కిందికి రావాలి. కూపీ లాగే అమ్మాయి పేరు దాదాపు ప్రతి పేజీలో వస్తుంది కాబట్టి ఆమెకు చిన్నది, ఒత్తుల్లేనిది, పలకడానికి హాయిగా ఉండేది కావాలి. గౌరి అని పెట్టాను. "గ" గడి నిండింది.

ఆమె పక్కనే నడిచే స్నేహితురాలి పేరు అన్ని విధాలా వేరుగా ఉండాలి. తబస్సుమ్. అక్షరం వేరు, పొడవు వేరు, ముగింపు వేరు. గౌరి, తబస్సుమ్ ఒకే వాక్యంలో ఎన్నిసార్లు వచ్చినా కలవరు.

తర్వాత అనుమానితులు. గంట వంతు అబ్బాయి బాలు. కొత్తగా వచ్చిన అబ్బాయి హిమాంశు, చూడగానే ఇక్కడివాడు కాదని తెలిసే పేరు. శిక్షలు తినే అబ్బాయి డేవిడ్. హౌస్ కెప్టెన్ దుర్గ. ఈ చివరి ఇద్దరి అక్షరాల వెనక ఒక లెక్క ఉంది, ఆరో దశలో చెబుతాను.

జ్వరం పాప చైత్ర. హౌస్ మాస్టర్ రామ్మూర్తి సర్, వంట చేసే ఎస్తేరమ్మ. పెద్దవాళ్లకు పాత తరం పేర్లు ఇవ్వడం వల్ల ఇంకో లాభం ఉంది. రామ్మూర్తి అనే పేరు వినగానే అది ఏడో తరగతి పిల్లవాడిది కాదని పాఠకుడికి తెలిసిపోతుంది, వయసు విడిగా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అదే వాక్యం:

"డేవిడ్ చెప్పింది నిజమైతే, హిమాంశు లేచేసరికే రామ్మూర్తి సర్ గంట దగ్గర ఉన్నారని గౌరి తబస్సుమ్‌తో అంది."

ఐదుగురు ఉన్నా ఎవరికి వారు నిలబడ్డారు. తొమ్మిది గళ్లు నిండాయి, పదిహేను ఖాళీ. తర్వాతి పుస్తకంలో కొత్త పిల్లలను తేవడానికి ఆ ఖాళీలు పనికొస్తాయి కాబట్టి పట్టికను పారేయకండి.

పాత్రలతో పాటు హౌస్‌ల పేర్లూ చూసుకోవాలి. నవోదయల్లో హౌస్‌లకు అరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అని ఉంటాయి. నాలుగూ నాలుగు వేర్వేరు అక్షరాలు. మీరు కల్పించేవి కూడా అలాగే ఉండాలి. గోదావరి హౌస్‌లో గౌరి, గంగ హౌస్‌లో గోపి ఉంటే పడిన శ్రమంతా వృథా.

4. పేరు తోక చూసుకోవడం

మొదటి అక్షరాలు వేరైనా ముగింపులు కలిస్తే మళ్లీ గందరగోళమే. మహేశ్, గణేశ్, నరేశ్, దినేశ్ నాలుగు గళ్లలో ఉన్నారు, కానీ పైకి చదివితే ఒకే తాళం. అనిత, కవిత, లలిత, వనిత కూడా అంతే. ఒకే కథలో "-ేశ్" ఒక్కటి, "-ిత" ఒక్కటి చాలు.

తెలుగులో పేరు ఎప్పుడూ ఒంటరిగా నిలవదు, విభక్తి తగిలించుకుంటుంది. అందుకే ప్రతి పేరునూ నాలుగు రూపాల్లో రాసి చూడండి. గౌరి, గౌరికి, గౌరిని, గౌరీ! బాలు, బాలుకు, బాలును, బాలూ! హాయిగా సాగితే ఉంచండి.

హల్లుతో ముగిసే పేర్లకు టైపింగ్ చిక్కు ఉంది. డేవిడ్ తర్వాత నేరుగా "కు" కొడితే చాలా కీబోర్డుల్లో "డ్కు" అని ఒత్తు పడి డేవిడ్కు అవుతుంది. కొత్తగా చదవడం నేర్చిన పిల్లలు అక్కడ తడబడతారు. మధ్యలో కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ పెడితే డేవిడ్‌కు అని విడిగా వస్తుంది. దాని కోడ్ U+200C. మీ కీబోర్డులో అది ఎక్కడుందో రాయడం మొదలుపెట్టకముందే వెతుక్కోండి. కొందరు "డేవిడ్ కు" అని ఖాళీ వదులుతారు. అప్పుడు వరస చివర పేరు ఒకచోట, "కు" మరోచోట పడుతుంది. అది మంచి పరిష్కారం కాదు.

అందుకే నా సలహా: ఎక్కువసార్లు వచ్చే పేర్లలో హల్లుతో ముగిసేవి రెండుకు మించకుండా చూసుకోండి. మన తొమ్మిదిలో తబస్సుమ్, డేవిడ్ మాత్రమే అలాంటివి.

పొడవు విషయంలో ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. రెండక్షరాల పేర్లు కొన్ని, మూడు నాలుగువి కొన్ని ఉంటే సరిపోతుంది.

5. మామూలు మాటల్లా ఉండే పేర్లను ఏరేయడం

ఇంగ్లీషులో పేరు పెద్ద అక్షరంతో మొదలవుతుంది కాబట్టి అది పేరని కంటికి తెలుస్తుంది. తెలుగు లిపిలో ఆ గుర్తు లేదు. పేరూ మాటా ఒకే రూపంలో ఉంటే పాఠకుడు సందర్భాన్ని బట్టి ఊహించుకోవాల్సిందే. మిస్టరీలో ఇది చాలా ప్రమాదం.

నిధి మంచి పేరు, ఈ కాలం పిల్లల్లో బాగా వినిపిస్తుంది. కానీ "మెట్ల కింద నిధి కనిపించింది" అని రాశారనుకోండి. దాక్కున్న అమ్మాయి కనిపించిందా, పాతిపెట్టిన సొమ్ము దొరికిందా? "సాక్షి నోరు విప్పలేదు" అన్నా అదే తంటా. జ్యోతి, ఉష, స్వప్న, కీర్తి, వెన్నెల, పండు, చిన్ని కూడా ఈ కోవలోవే. "రాత్రి జ్యోతి ఆరిపోయింది" అని పొరపాటున పడితే పిల్లలు హడలిపోతారు.

పరీక్ష సులువు. ఆ పేరును "పోయింది", "దొరికింది", "కనిపించింది", "విరిగింది" అనే నాలుగు మాటల ముందు పెట్టండి. మిస్టరీలో ఎక్కువగా వచ్చే క్రియలివే. అర్థం రెండు రకాలుగా వస్తే ఆ పేరు వదిలేయండి. దుర్గ అనే పేరు ఇందులో నెగ్గింది. ముందు అనుకున్న సుమ నెగ్గలేదు, "సుమం" అనే మాట పక్కనే ఉంది.

ఈ రెండర్థాల మాటనే ఆధారంగా వాడుకోవాలనుకుంటే అది వేరు. "నిధిని అడగండి" అని చీటీ దొరకడం, పిల్లలంతా తవ్వడానికి పరిగెత్తడం మంచి మలుపే. అప్పుడు మాత్రం కథనంలో ఇంకెక్కడా ఆ అమ్మాయి పేరు అయోమయంగా రాకూడదు. ప్రతిచోటా ఆమె మాట్లాడుతూనో నడుస్తూనో కనిపించాలి.

6. ఆధారంలో అక్షరం ఉంటే

హాస్టల్లో అక్షరాలు అన్నిచోట్లా ఉంటాయి. ట్రంకు పెట్టె మూత మీద పెయింటుతో, స్టీలు కంచం అంచున చెక్కి, చాకలికి వేసే బట్టల మీద ఇంకుతో. మిస్టరీ రాసేవారికి ఇవన్నీ చేతికందిన ఆధారాలు. కానీ ఆ అక్షరం ఏ లిపిలో ఉందో ముందే నిర్ణయించుకోవాలి. ఎందుకంటే తెలుగులో వేరుగా ఉన్న అక్షరాలు ఇంగ్లీషులో కలిసిపోతాయి.

ద, డ, ధ మూడూ D. త, ట రెండూ T. శ, స రెండూ S కావచ్చు. శశిని ఒకరు Sasi అని, ఇంకొకరు Shashi అని రాస్తారు.

మన కథ ఆధారం అంతా దీని మీదే నిలబడింది. తువ్వాలు మీద D ఉంది. మాటిమాటికీ శిక్ష పడేవాడు డేవిడ్. అందరూ అతని వైపే చూస్తారు. ఏడో అధ్యాయం దాకా పాఠకుడు దుర్గ గురించి ఆలోచించడు, ఎందుకంటే అతని బుర్రలో ఆమె "ద", డేవిడ్ "డ". తర్వాత గౌరి హౌస్ రిజిస్టర్ తెరుస్తుంది. అక్కడ పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి. David, Durga. ఇద్దరూ ఒకే అక్షరం. సుత్తి దాచింది దుర్గ. రాత్రంతా జ్వరంతో మూలిగి తెల్లవారుజామున నిద్రలోకి జారిన చైత్ర కిటికీ బయట ఆ గంట మోగకూడదని దాచింది.

ఇది న్యాయమైన దాగుడుమూత. పేర్లు మొదటి పేజీ నుంచీ కళ్ల ముందే ఉన్నాయి. పాఠకుడు గందరగోళపడలేదు, పొరబడ్డాడు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది, మిస్టరీ రాసేవాళ్లు కాపాడుకోవాల్సింది ఆ తేడానే.

ఇలాంటి ఆధారం పెట్టాలంటే ఒక షరతు. పట్టికలోని ప్రతి పేరు పక్కన దాని ఇంగ్లీషు స్పెల్లింగ్ కూడా రాసుకోండి. మీరు కావాలని కలిపిన జంట తప్ప ఇంకే జంటా కలవకూడదు. మన జాబితాలో ఇంకో "ధ" పేరు, ఏ ధనుంజయో వచ్చి పడితే ఆధారం ముగ్గురి మీదికి పోతుంది, చివర్లో అతని సంగతేమిటని పిల్లలు నిలదీస్తారు.

ఇంటిపేరు పొడి అక్షరాలతో ఆధారం పెట్టకపోవడం మంచిది. మన రిజిస్టర్లలో కొన్నిచోట్ల ఇంటిపేరు ముందు, కొన్నిచోట్ల తర్వాత ఉంటుంది. ఆ వివరణకే అధ్యాయం సగం పోతుంది.

7. పిలుపుల్లో అక్షరం నిలపడం

హాస్టల్లో ఎవరూ ఎవరినీ ఒకేలా పిలవరు. ఆరో తరగతి చైత్రకు దుర్గ "దుర్గక్క", డేవిడ్ "డేవిడన్న". గౌరికి చైత్ర వట్టి చైత్రే. రామ్మూర్తి సర్ పిల్లలను "నువ్వు" అంటారు, పిల్లలు ఆయనను "మీరు" అంటారు, చాటుగా మాట్లాడుకునేటప్పుడూ "సర్ వచ్చారు" అనే అంటారు. ఎస్తేరమ్మను అందరూ "ఎస్తేరక్కా" అని పిలుస్తారు.

ఈ పిలుపులన్నిటిలో మొదటి అక్షరం చెక్కుచెదరలేదు, గమనించండి. అన్న, అక్క పేరు చివర చేరతాయి కాబట్టి మన పద్ధతికి అడ్డురావు. అడ్డువచ్చేవి ముద్దుపేర్లు. తబస్సుమ్‌ను "తబ్బు" అంటే ఫరవాలేదు, అదే గడి. "చిట్టి" అంటే చైత్ర గడిలోకి వెళ్లిపోతుంది. ముద్దుపేరు తప్పనిసరైతే అది అసలు పేరు అక్షరంతోనే మొదలవ్వాలి, సంభాషణలో మాత్రమే రావాలి. కథనంలో మీరెప్పుడూ తబస్సుమ్ అనే రాయండి.

వట్టి "అక్క" అనే పిలుపు మాత్రం మిస్టరీకి వరం. "అక్క ఇప్పుడే వస్తానని వెళ్లింది" అని జ్వరంలో చైత్ర గొణిగితే, ఆ అక్క ఎవరైనా కావచ్చు. గౌరవ బహువచనం కూడా అలాంటిదే. "గంట దగ్గరకు ఎవరో వచ్చారు" అంటే వచ్చింది ఆడా మగా, ఒకరా ఇద్దరా తెలియదు. "వచ్చాడు", "వచ్చింది" అని రాసిన క్షణంలో సగం అనుమానితులు తప్పుకుంటారు. శశి, మణి, కిరణ్ వంటి ఇద్దరికీ చెల్లే పేరు పెట్టి గుట్టు దాచాలనుకునేవాళ్లు ముందుగా ఆ క్రియల సంగతి చూసుకోవాలి.

8. తరచూ జరిగే పొరపాట్లు, సరిచేసే దారులు

*అందరినీ మొదటి అధ్యాయంలోనే పరిచయం చేయడం.* అక్షరాలు ఎంత వేరుగా ఉన్నా ఒకేసారి తొమ్మిది పేర్లు మోయడం కష్టం. అధ్యాయానికి మూడు కొత్త పేర్లు చాలు. ప్రతి ఒక్కరినీ ఏదో ఒక పని చేస్తుండగా పరిచయం చేయండి: గంట తాడు ముడి విప్పుతూ బాలు, చపాతీలు లెక్కపెడుతూ ఎస్తేరమ్మ. హాజరు పిలుస్తున్నట్టు వరసగా పేర్లు చదివించే పరిచయం ఎంత సహజంగా అనిపించినా పెట్టకండి.

*కొత్త అక్షరం కోసం వింత పేర్లు వెతకడం.* గడి ఖాళీగా ఉంది కదా అని ఐరావత్ అనో, టంకేశ్వర్ అనో పెడితే ఆ పేరే అనుమానం పుట్టిస్తుంది. తొమ్మిది మందికి 24 గళ్లున్నాయి, ఇబ్బంది పడాల్సిన పనిలేదు. జనం మరీ ఎక్కువైతే ఒక గడిలో ఇద్దరిని ఉంచవచ్చు. కానీ ఒకరు పెద్ద, ఒకరు పిల్ల అయి ఉండాలి, ఇద్దరూ ఒకే సన్నివేశంలో కనిపించకూడదు.

*దొంగకు దొంగ పేరు పెట్టడం.* చెవికి కటువుగా ఉండే పేరు ఒక్కరికే ఇస్తే గుట్టు రట్టయినట్టే. అంతకంటే పెద్ద తప్పు, కథ మొత్తంలో ఒక మతానికో ప్రాంతానికో చెందిన ఒకే ఒక్క పేరును నేరానికి తగిలించడం. డేవిడ్ మీద అనుమానం నడిపినప్పుడు కథలో ఎస్తేరమ్మ ఆప్యాయంగా ఉండాలని, డేవిడ్ నిర్దోషిగా తేలాలని నేను ముందే అనుకున్నాను. హిమాంశు విషయంలోనూ అంతే. హాస్టల్లో చదివే పిల్లలు తమ పేరు కథలో ఎలా కనిపించిందో బాగా గుర్తుపెట్టుకుంటారు.

*మీరు పనిచేసే బడి పిల్లల పేర్లు వాడటం.* పేరు ఒక్కటే కలిస్తే ఫరవాలేదు. పేరు, తరగతి, అలవాటు మూడూ కలిస్తే ఆ పిల్లను అందరూ గుర్తుపడతారు. రెండింటినైనా మార్చండి.

9. రాసేముందు సరిచూసుకోవాల్సినవి

- ఒక గడిలో ఒకే పేరు ఉందా?
- ఒకే ముగింపుతో రెండు పేర్లు ఉన్నాయా?
- ప్రతి పేరుకూ కు, ని, తో తగిలించి, సంబోధన రూపంలోనూ చదివి చూశారా?
- పేరు మామూలు మాటగా కూడా చెల్లుతోందా?
- ఇంగ్లీషు స్పెల్లింగుల్లో అనుకోని జంటలు ఉన్నాయా?
- హౌస్‌లు, ఊరు, పెంపుడు కుక్క పేర్లు కూడా పట్టికలో వేశారా?

తర్వాత మూడో అధ్యాయాన్ని పదేళ్ల పిల్లలెవరికైనా పైకి చదివి వినిపించండి. పుస్తకం చేతికి ఇవ్వకండి. ముగించాక "గంట దగ్గర ఎవరెవరు ఉన్నారు?" అని మాత్రమే అడగండి. పేరు మర్చిపోయి "ఆ జ్వరం పాప" అన్నా ఫరవాలేదు, మనిషి గుర్తున్నట్టే. ఒకరు చేసిన పని ఇంకొకరికి అంటగడితే మాత్రం ఆ రెండు పేర్లలో ఒకటి మార్చాలి.

10. సగం రాశాక పేరు మార్చాల్సి వస్తే

కంప్యూటర్‌లో వెతికి ఒక్క దెబ్బతో అన్నీ మార్చే సౌకర్యం ఉంది. తెలుగులో దాన్ని గుడ్డిగా వాడకండి. మన కథలో సుమను దుర్గగా మార్చాలని అన్నిచోట్లా ఒకేసారి మార్చితే, "సుమారు పది మంది" అన్నది "దుర్గారు పది మంది" అవుతుంది. మన మాటలు, విభక్తులు ఒకదానిలో ఒకటి అతుక్కుని ఉంటాయి కాబట్టి చిన్న పేరు ఏ మాట కడుపులోనైనా దొరకవచ్చు.

ఒక్కొక్కటీ చూసుకుంటూ మార్చండి, లేదా ఈ క్రమం పాటించండి. మొదట పాత పేరుకు బదులు తెలుగులో ఎక్కడా రాని గుర్తు, ఉదాహరణకు ##1, ఒక్కొక్కచోటా చూసి పెట్టండి. తర్వాత ఆ గుర్తును కొత్త పేరుగా ఒకేసారి మార్చండి. అప్పుడు రెండు పేర్లు ఒకదానితో ఒకటి తారుమారు చేయాల్సివచ్చినా కలిసిపోవు.

అది అయ్యాక మూడు చోట్ల చేత్తో సరిచూడాలి. ఒకటి, సంబోధనలు. "రమేశ్!" తీసి బాలు పెడితే "బాలు!" అని మిగులుతుంది, దాన్ని "బాలూ!" అని దిద్దాలి. రెండు, అక్క, అన్న చేరిన రూపాలు: "రమేశన్న" అని కలిపి రాసినచోట "రమేశ్" అని వెతికితే దొరకదు, ఎందుకంటే "శ్" మీది పొల్లు మాయమై "శ" వచ్చింది. విడిగా "రమేశన్న" అని వెతికితే అవి బయటపడతాయి. మూడు, పాత్ర ఆడపిల్ల నుంచి మగపిల్లవాడికి మారితే క్రియలు. "వెళ్లింది", "అంది", "చూసింది" ప్రతి వాక్యంలో ఉంటాయి, వాటికి దగ్గరదారి లేదు. ఆ పాత్ర ఉన్న సన్నివేశాలన్నీ వరసగా చదువుతూ మార్చుకోవాల్సిందే.